బొట్టుకు చాలినంత జాగా

పార్లర్ కుర్చీలో వెనక్కి వాలి, ఒక చేత్తో కనురెప్పను కిందికీ, ఇంకో చేత్తో నుదుటిని పైకీ లాగి పట్టుకుని, కళ్లు మూసుకుని "అక్కా, మధ్యలో కూడా శుభ్రంగా తీసెయ్యండి" అని చెప్పే అమ్మాయికి ఆ శుభ్రం ఎక్కడ ఆగాలో తెలియదు. దారం పట్టుకున్న అక్కకు తెలిసినా, బయట బెంచీ మీద ఇంకో నలుగురు ఎదురుచూస్తూ ఉంటారు. ఆ తొందరలో ముందు దెబ్బతినేవి బొమ్మల మొదళ్లు, అంటే ముక్కు వైపు కొసలు. వెళ్లినప్పుడల్లా రెండు మూడు వెంట్రుకలు అదనంగా పోతాయి. ఆ రోజు అద్దంలో ఏమీ తెలియదు. రెండేళ్ల కిందటి ఫొటో పక్కన పెట్టుకుని చూస్తేనే కళ్లు ఎడంగా జరిగినట్టూ, ముక్కు వెడల్పయినట్టూ అనిపిస్తుంది. కళ్లు జరగలేదు, ముక్కు పెరగలేదు. బొమ్మలు వెనక్కి తగ్గాయి, అంతే.

నుదుటి మీది నూగు సంగతి వేరు. అయినా చాలామంది మధ్యలోవీ, నుదుటివీ ఒకే దారంతో ఒకే ఊపులో కానిచ్చేస్తారు. బొమ్మల మధ్య ఉన్నవాటిని, కొలత తెలిసి పీకితే ఇబ్బంది లేదు. నుదుటి నూగును మాత్రం పీకకూడదు. తీసెయ్యాలనే అనుకుంటే దానికి వేరే పద్ధతి ఉంది.

ముందు బొమ్మల సంగతి చూద్దాం. తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. కనుబొమ్మ వెంట్రుకకు అంత ఓపిక లేదు. కొన్ని వారాలు పెరిగి ఆగిపోతుంది, తర్వాత కొంతకాలం కదలకుండా కుదుట్లోనే ఉండి, ఆనక రాలి కొత్తదానికి చోటిస్తుంది. అటూ ఇటూగా 4 నెలల చక్రం ఇది. ఏ రోజు లెక్క తీసినా పెరుగుతున్నవి కొన్నే, విశ్రాంతిలో ఉన్నవే ఎక్కువ. అందుకే ఇవాళ పీకినవన్నీ ఒక్కసారిగా తిరిగి రావు. కొన్ని మూడు వారాలకు తల ఎత్తుతాయి, కొన్నింటికి నెలలు పడుతుంది. ఇది తెలియనివాళ్లు మూడో వారంలో కనిపించిన నాలుగు వెంట్రుకల్ని చూసి "అబ్బ, అప్పుడే వచ్చేశాయి" అని మళ్లీ పీకేస్తారు. వాటిలో చాలావరకు మొన్న పీకినవి కావు, అప్పటికి చర్మం లోపల ఉండిపోయిన వేరే కుదుళ్లవి. ఇలా ఏళ్ల తరబడి లాగుతూ పోతే కుదురు నీరసిస్తుంది. ముందు సన్నటి, రంగు తక్కువ వెంట్రుకనిస్తుంది, తర్వాత అదీ మానేస్తుంది. 1990లలో గీత గీసినట్టుండే సన్నబొమ్మల ఫ్యాషన్ నడిచింది. అప్పుడు మోజుపడి పీకించుకున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు పెన్సిల్ లేకుండా గడప దాటలేకపోతున్నది అందుకే.

మరి ఎక్కడ ఆగాలి? దాదాపు అందరూ చెప్పే సూత్రం ఒకటుంది. ముక్కుపుట బయటి అంచుకు ఒక పెన్సిల్ ఆనించి నిటారుగా నిలబెడితే అది తగిలిన చోట బొమ్మ మొదలవ్వాలి, దానికి లోపల ఉన్నదంతా తీసెయ్యవచ్చు అని. సన్నటి ముక్కులున్న ముఖాల్ని చూసి తయారుచేసిన సూత్రం ఇది. మనలో చాలామందికి ముక్కుపుటలు కళ్ల లోపలి మూలల కంటే కాస్త బయటికే ఉంటాయి. వాళ్లు ఈ పెన్సిల్ గీతను నమ్ముకుంటే బొమ్మ మొదలు కంటి మూలను దాటి బయటికి పోతుంది. అప్పుడు అసలే వెడల్పనుకుంటున్న ముక్కు ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. దాన్ని సరిచేద్దామని మళ్లీ ప్లక్కర్ పట్టుకుంటారు. నా మటుకు నేను ముక్కును పూర్తిగా వదిలేసి కంటినే కొలతగా తీసుకోమంటాను. కంటి లోపలి మూల నుంచి నిటారుగా పైకి వెళ్తే తగిలే చోట బొమ్మ మొదలవ్వాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికున్నా అందమే, బయటికి మాత్రం పోకూడదు.

ఒక ముఖం తీసుకుని లెక్క వేద్దాం. ఇరవై ఏళ్ల అమ్మాయి, దట్టమైన బొమ్మలు. మధ్యలో పూర్తిగా కలవకపోయినా నల్లగా నీడ పడ్డట్టుంటుంది. కుట్టుమిషన్ టేపుతో కొలిస్తే కంటి లోపలి మూలల మధ్య 32 మిల్లీమీటర్లు, ముక్కుపుటల బయటి అంచుల మధ్య 37. పెన్సిల్ సూత్రం ప్రకారం పోతే మధ్యలో 37 మిల్లీమీటర్లు ఖాళీ అవుతుంది. కంటి కొలత చెప్పేది 32. అంటే ఒక్కో వైపు రెండున్నర మిల్లీమీటర్ల బొమ్మ ఉత్త పుణ్యానికి పోతుంది. వినడానికి చిన్న అంకె, కానీ దట్టమైన బొమ్మలో ఆ కాస్త జాగాలోనే బోలెడు వెంట్రుకలుంటాయి. ఈ అమ్మాయి మొదటిసారికి 32 కూడా తీయకూడదు. ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లు వదిలి, మధ్యలో 28 వరకే శుభ్రం చేసుకోవాలి. ఆ వదిలినవాటిని ఒక వారం చూసుకుని, అప్పటికీ బాగా లేవనిపిస్తే తీసుకోవచ్చు. ఉన్నవాటిని ఎప్పుడైనా తీయొచ్చు, తీసినవాటి కోసమే నెలలు కాచుకోవాలి.

ఇక పని. స్నానం చేశాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెడితే నొప్పి తక్కువ. ముఖం తుడుచుకోవాలి, క్రీమూ నూనే రాయకూడదు, ప్లక్కర్ జారిపోతుంది. కొస ఏటవాలుగా కోసిన ప్లక్కర్ మంచిది. సూదిమొన ప్లక్కర్ చర్మాన్ని గిచ్చుతుంది. వాడేముందు దూదిని స్పిరిట్‌లో ముంచి కొసలు తుడవాలి. ట్యూబులైటు కింద కాకుండా కిటికీ పక్కన, పగటి వెలుతురులో కూర్చోవాలి. పెద్దగా చూపించే భూతద్దపు అద్దాన్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. అతిగా పీకడానికి దానంత కారణం ఇంకోటి లేదు. అందులో కనిపించే వెంట్రుకల్లో సగం ఎదుటి మనిషికి ఏ దూరం నుంచీ కనిపించవు.

తెల్ల ఐలైనర్ పెన్సిల్‌తో రెండు వైపులా ఆ 28 మిల్లీమీటర్ల హద్దు దగ్గర చుక్క పెట్టుకుని, సరిగ్గా నడిమధ్య నుంచి మొదలుపెట్టాలి. హద్దు దగ్గర నుంచి లోపలికి రాకూడదు, మధ్య నుంచి హద్దు వైపు వెళ్లాలి. మధ్యలో పొరపాటు జరిగితే నష్టం లేదు, హద్దులో జరిగితే ఉంది. రెండు వేళ్లతో చర్మాన్ని బిగించి, వెంట్రుకను కుదురు దగ్గర పట్టుకుని, అది ఏ వైపు వాలి ఉందో ఆ వైపే లాగాలి. చాలామందికి అక్కడ పైకి వాలి ఉంటాయి. ఎదురు లాగితే వెంట్రుక చర్మం లోపలే తెగిపోయి, నాలుగు రోజులకు పొక్కు లేస్తుంది. ఒక్కొక్కటే తీయాలి. కుడివైపు ఒకటి తీస్తే ఎడమవైపు ఒకటి. ఐదారు కాగానే ప్లక్కర్ కింద పెట్టి, చెయ్యి చాచినంత దూరం జరిగి అద్దంలో చూసుకోవాలి. నల్లగా, మందంగా కనిపించేవే మన లెక్కలోకి వస్తాయి, రంగులేని నూగు కాదు.

మన ఇరవై ఏళ్ల అమ్మాయికి ఇదంతా అయ్యాక కూడా మధ్యలో కొంచెం నీడ మిగిలే ఉంటుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఆ నీడ కొత్త వెంట్రుకలది కాదు, బొమ్మ మొదట్లో ఉన్న పొడుగు వెంట్రుకలు లోపలికి వాలడం వల్ల పడుతున్నది. వాటిని పీకితే బొమ్మలో బొక్క పడుతుంది. కడిగి ఆరబెట్టిన పాత మస్కారా బ్రష్‌తో వాటిని పైకి దువ్వి, బొమ్మ పైఅంచు దాటి వచ్చిన కొసల్ని మాత్రం చిన్న కత్తెరతో కత్తిరిస్తే నీడ మాయమవుతుంది. కుదుళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కలిసిన బొమ్మలున్న చాలామందికి సగం పని ఈ కత్తెరతోనే అయిపోతుంది, కానీ పార్లర్లలో ఇది చేసేవాళ్లు తక్కువ. దువ్వి కత్తిరించడానికి పట్టే టైములో దారంతో ఇంకొకరి పని పూర్తిచేయొచ్చు మరి.

అతిగా పోయిందని అప్పటికప్పుడే చెప్పే గుర్తు ఒకటుంది. బొమ్మ మొదలు స్కేలు పెట్టి కోసినట్టు నిటారు గోడలా ఉందంటే హద్దు దాటారు. సహజమైన మొదలు పలచగా మొదలై, లోపలికి పోయేకొద్దీ చిక్కబడుతుంది. ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. ఏ ముఖంలోనూ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు, ఒకటి కాస్త ఎత్తులో ఉంటుంది. కుడిదాన్ని ఎడమదానితో సమం చేద్దామని ఒకటి, ఎడమదాన్ని కుడిదానితో సమం చేద్దామని ఇంకొకటి పీకుతూ కూర్చుంటే ఆ లెక్క ఎప్పటికీ తెగదు.

పీకాక చల్లటి తడిగుడ్డ కాసేపు అద్దితే చాలు. ఎరుపు కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. ఆ రోజుకు మాత్రం అక్కడ స్టిక్కర్ బొట్టు పెట్టకూడదు. మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని సంగతి ఇది. అప్పుడే పీకిన కుదుళ్లు తెరుచుకుని ఉంటాయి, సరిగ్గా వాటి మీదే జిగురు అంటించేస్తాం. కొన్ని స్టిక్కర్ల జిగురులో వాడే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం కొందరికి దురద, దద్దురు తెప్పిస్తుంది. కొందరికి బొట్టు ఉన్నంత మేర చర్మం తెల్లబడిపోతుంది. మన దేశంలో చర్మవైద్యులకు ఇది బాగా తెలిసిన సమస్య. రంగు కలిపిన కుంకుమా మండిస్తుంది. బొట్టు లేకుండా ఉండలేమంటే ఐలైనర్‌తో రెండు బొమ్మలకు కాస్త పైన, పీకని చోట చిన్న చుక్క పెట్టుకోవచ్చు. రెండు మూడు రోజులకు చీము పొక్కు లేస్తే గిల్లకూడదు. ముక్కు పైభాగం చుట్టూ ఉన్న రక్తనాళాలకు కంటి వెనక భాగంతో సంబంధం ఉంటుంది. గడ్డ పెరిగి కన్ను వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో ధైర్యం చాలక పార్లర్‌కే వెళ్తామంటే, మాట మార్చి చెబితే సరిపోతుంది.

"అక్కా, మొదళ్లు ముట్టుకోవద్దు. ముక్కు పైన మధ్యలోవి తీసి ఆపెయ్యండి, నేనొకసారి అద్దంలో చూసుకుంటాను."

"అంత కొంచెమేనా అమ్మా? మళ్లీ పది రోజులకే వస్తావ్."

"వస్తాలే అక్కా."

పది రోజులకు ఏమీ కాదు, మూడు నాలుగు వారాలు ఆగవచ్చు. దారం ప్లక్కర్‌లా ఒక్కొక్కటిగా తీయదు, మెలితిరిగిన చోట పడ్డ వరుసనంతా ఒకేసారి లాగేస్తుంది. అందుకే మధ్యలో లేచి చూసుకోవడం అవసరం. దారం కొసను పళ్లతో పట్టుకునే అలవాటు ఉంటే, మెడకు చుట్టుకుని చేయమని అడగాలి. నోటి తడి తగిలిన దారం చర్మం మీద పడే గీతల్లోకి క్రిముల్ని చేరవేస్తుంది. ముఖం మీద ఒక చోట ఉన్న చదును పులిపిర్లు దారం వెళ్లిన దారిలో వరుసగా లేవడం చర్మవైద్యులు చూస్తూనే ఉంటారు. మొటిమలకు ట్రెటినాయిన్, అడపలీన్ లాంటి క్రీములు రాస్తున్నవాళ్లు అక్కడ వ్యాక్స్ పెట్టించుకోకూడదు, వ్యాక్స్‌తోపాటు పైపొర చర్మం కూడా లేచి వస్తుంది.

ఇప్పుడు నుదురు. ఎండలో పక్కనుంచి చూస్తే కనిపించే ఆ సన్నటి నూగు ఆడా మగా అందరి ముఖాల మీదా ఉంటుంది. అది జబ్బు కాదు. రెండు మిల్లీమీటర్లకు మించని పొడుగు, రంగు ఉండీ లేనట్టు. దీన్ని దారంతోనో ప్లక్కర్‌తోనో లాగితే, సన్నగా ఉండటం వల్ల పైన తెగి లోపల మిగిలిపోతుంది. తిరిగి పెరిగేటప్పుడు బయటికి దారి దొరక్క చర్మంలోనే వంకర తిరుగుతుంది. నుదుటి నిండా చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. మన చామనఛాయ చర్మం మీద ఒక్కో పొక్కూ ఒక గోధుమరంగు మచ్చ వదిలిపోతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. నూగు పోగొట్టుకోబోయి మచ్చలు తెచ్చుకోవడం ఇది.

తీయాల్సిందే అనుకుంటే ముఖానికి వాడే సన్నటి ఒంటిబ్లేడు రేజర్ చాలు. శుభ్రంగా కడిగి ఆరిన చర్మాన్ని ఒక చేత్తో బిగించి, బ్లేడును 45 డిగ్రీల వాలులో పట్టుకుని, పైనుంచి కిందికి చిన్న చిన్న గీతలుగా, ఒత్తకుండా జరపాలి. ఒకసారి పోయిన చోట మళ్లీ పోకూడదు. మొటిమలున్న చోటును వదిలెయ్యాలి. బ్లేడు ఇంకొకరితో పంచుకోకూడదు. "గీస్తే మగాళ్లలా మందంగా వస్తాయే పిల్లా" అని అమ్మమ్మలు భయపెడతారు. ఈ భయాన్ని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పరీక్షించి చూసింది. గీకడం వల్ల వెంట్రుక మందమూ మారలేదు, పెరిగే వేగమూ మారలేదు. పుట్టినప్పటి వెంట్రుకకు కొస సన్నగా మొనదేలి ఉంటుంది, బ్లేడు తగిలినదానికి మొద్దుగా ఉంటుంది. వేలికి గరుకు తగిలేది అందుకే. ఇక సున్నిపిండి నలుగు విషయం. పసిపిల్లల ఒంటి మీది నూగు నలుగు పెట్టినా పెట్టకపోయినా రాలిపోయేదే. పెద్దవాళ్ల నుదుటి మీద రుద్దితే కొన్ని తెగుతాయి, చర్మం ఎర్రబడుతుంది. లేజర్ కూడా నూగుకు పనికిరాదు. అది వెంట్రుకలోని నల్లరంగును పట్టుకునే పనిచేస్తుంది, ఇక్కడ ఆ రంగే ఉండదు. పైగా ముఖం మీది సన్నటి వెంట్రుకలకు లేజర్ తగిలాక అవి ఇంకా మందంగా రావడం కొందరిలో చూశారు, మన రంగు చర్మంలో ఆ ముప్పు ఎక్కువ.

రేజర్ ఎక్కడ ఆగాలో కూడా చెప్పుకోవాలి. తల జుట్టు మొదలయ్యే గీతకు కింద వేలెడు జాగా ముట్టుకోకూడదు. అక్కడి లేత వెంట్రుకలు జుట్టుకూ నుదుటికీ మధ్య అంచును కలిపేవి. వాటిని గీసేస్తే వారానికల్లా మొలకలు నిటారుగా లేచి, నుదుటి చుట్టూ నల్లటి గీత కనిపిస్తుంది. ముట్లు ఆగిన వయసు దాటినవాళ్లు ఇంకో విషయం గమనించుకోవాలి. ఏమీ చేయకుండానే ఆ అంచు వెంట్రుకలు మాయమై, నుదురు పైకి జరుగుతూ, కనుబొమ్మలు కూడా పలచబడుతుంటే అది ఫ్రంటల్ ఫైబ్రోసింగ్ అలోపేసియా కావచ్చు. 1994లో ఆస్ట్రేలియా చర్మవైద్యుడు స్టీవెన్ కొసార్డ్ మొదట వర్ణించిన జబ్బు ఇది. కుదుళ్లు మచ్చకట్టి మూసుకుపోతాయి కాబట్టి తొందరగా చూపించుకుంటేనే మిగిలినవాటిని కాపాడుకోవచ్చు.

నూగు ఎప్పటినుంచో ఉన్నదైతే దిగులు లేదు, ఈమధ్యే పెరిగిందంటే కారణం వెతకాలి. జుట్టు రాలుతోందని తలకు మినాక్సిడిల్ రాస్తున్నారా? అది నుదుటి మీదికి కారినా, దిండుకు అంటి ముఖానికి తగిలినా అక్కడా నూగు పెరుగుతుంది. తెల్లబడటానికని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీములో స్టెరాయిడ్ ఉందా? నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబారడమే కాదు, వెంట్రుకలూ పెరుగుతాయి. అలాంటప్పుడు ఎన్నిసార్లు గీసినా లాభం లేదు, క్రీము మానాలి, అదీ డాక్టరు చెప్పిన పద్ధతిలో. గడ్డం కింద, పైపెదవి మీద నల్లటి మందపు వెంట్రుకలు వస్తూ ముట్లు కూడా తప్పుతుంటే అది పీసీఓఎస్ వైపు చూపించే లక్షణం, హార్మోన్ పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పటికే బొమ్మలు అతిగా పీకించుకున్నవాళ్లు చేయాల్సిన పని ఏమీ చేయకపోవడమే, కనీసం 4 నెలలు. ఈలోగా మొలిచే పిచ్చి వెంట్రుకలు చూడటానికి చిరాగ్గా ఉంటాయి, వాటిలో ఏది బొమ్మలో కలుస్తుందో ముందే తెలియదు కాబట్టి అన్నిటినీ రానివ్వాలి. మరీ ఖాళీగా ఉన్న చోట పెన్సిల్‌తో నిండుగీత గీయకుండా, వెంట్రుకల్లా చిన్న చిన్న గీతలు గీసుకుంటే గడుస్తుంది. ఆముదం రాస్తే ఉన్న వెంట్రుకలు నల్లగా మెరుస్తాయి, కొత్తవి మొలుస్తాయన్నదానికి గట్టి ఆధారం లేదు. పీకని చోట పోతుంటే మాత్రం ఎదురుచూడకూడదు. రెండు బొమ్మల తోకలు బయటివైపు మూడో వంతు పలచబడితే థైరాయిడ్ పరీక్ష, నున్నగా గుండ్రంగా ఖాళీ పడితే చర్మవైద్యుడు. బొమ్మలు రాలడంతోపాటు ముఖం మీదో ఒంటి మీదో పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే కుష్ఠు పరీక్ష. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.